మావయ్యగారి దగ్గర కొత్తగా ఒక వాసన వస్తోంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేక ఇక్కడ అడుగుతున్నా

కాకినాడ_కోడలు
మా మావయ్యగారికి 61. రోజూ రెండుపూటలా స్నానం, ఉతికిన పంచె, ఆయన శుభ్రానికి వంక పెట్టలేం. కానీ ఈమధ్య పక్కన నిలబడితే ఒక రకమైన వాసన వస్తోంది. చెమట కంపు కాదు. బాగా మాగిపోయిన పండు, దాని మీద నెయిల్ పాలిష్ తుడిచే మందు చల్లినట్టు. పొద్దున కాఫీ ఇవ్వడానికి వెళ్తే గుమ్మం దగ్గరే తెలుస్తుంది. మా ఆయన్ని అడిగితే "నాకేం రావట్లేదు, నీ ముక్కే అంత" అంటారు. అత్తయ్యగారు వయసు వాసన అన్నారు. కోడల్ని, "మావయ్యగారూ మీ దగ్గర వాసన వస్తోంది" అని ఎలా చెప్పను? ఇంతకీ వయసుతో ఇలా మారుతుందా?

పాతకాపు1958
మారుతుందమ్మా. మా వయసుకి వచ్చాక నీకే తెలుస్తుంది. మా మనవడు నా దుప్పటి కప్పుకోడు, "తాతయ్య వాసన" అంటాడు. వాడికి సినిమా చూపిస్తానంటే మాత్రం ఆ వాసనే ఉండదు.

వరంగల్_వాసు
పాతకాపు గారు చెప్పింది నిజమే, దానికి పేరు కూడా ఉంది. నోనెనాల్. జపాన్ వాళ్లు 2001లో కనిపెట్టారు, నలభై దాటినవాళ్ల చర్మం మీద నూనె గాలికి పాడై తయారవుతుంది. సబ్బుకి సరిగ్గా పోదు కూడా. మీ మావయ్యగారిది అదే, టెన్షన్ పడకండి.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
వాసు గారూ, ఆ పదార్థం నిజమే కానీ ఆ వాసన పాత పుస్తకం, మాసిన నూనెగుడ్డ లాగా ఉంటుంది. పండు లాగా, నెయిల్ పాలిష్ మందు లాగా ఉండదు.

కోడలు గారూ, ఒకటి చూసి చెప్పండి. వాసన ఆయన దిండుగలీబులో, విప్పిన బనీనులో ఉందా, లేక ఆయన నోరు తెరిచి మాట్లాడినప్పుడు వస్తోందా? చర్మం నుంచి వచ్చేది బట్టకి అంటుకుని ఉంటుంది. ఊపిరి నుంచి వచ్చేది మాటతో వస్తుంది, మనిషి గదిలోంచి వెళ్లిపోతే కాసేపటికి తగ్గుతుంది. ఇంకో రెండు ప్రశ్నలు: ఆయనకి షుగర్ ఉందా? ఈమధ్య తిండి మార్చారా?

మెంతిపులుసు
షుగర్ ఉంటే మెంతులు తింటున్నారేమో అడగండి. మా నాన్న రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దున్నే నమిలేవారు, కొన్నాళ్లకి చొక్కా చంకల్లో, ఆఖరికి బాత్రూంలో కూడా కాలిన బెల్లంపాకం వాసన. అమ్మ ఏదో జబ్బని భయపడిపోయింది. మెంతులు ఆపగానే పోయింది.

డల్లాస్_దీప
మెంతిపులుసు గారూ, మీరు చెప్పింది మాకు ఇక్కడ కాన్పులోనే జరిగింది. పాలు బాగా పడాలని మా అమ్మ మెంతులు వేసి చేసిన లడ్డూలు నెల ముందు నుంచే పెట్టింది. పాప పుట్టాక ఒంటి నుంచి మేపుల్ సిరప్ వాసన వస్తోందని నర్సులు గుసగుసలు. ఆ వాసనతోనే ఒక అరుదైన పుట్టుజబ్బు ఉంటుందట, రక్తం తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా మా ప్రాణాలు లేవు. ఏమీ లేదు, లడ్డూలే. కానీ వాళ్లు పరీక్ష చేయడమే సరైందని తర్వాత అనిపించింది, ఎందుకంటే ఆ జబ్బే అయితే రోజులు కూడా ఆగదట.

కాకినాడ_కోడలు
ఐసీయూ గారూ, మీరు చెప్పినట్టు చూశాను. దిండుగలీబు వాసన చూస్తుంటే అత్తయ్యగారు గదిలోకి వచ్చారు, ఉతకడానికి తీస్తున్నా అని తప్పించుకున్నా :) బట్టల్లో దాదాపు లేదు. మాట్లాడితేనే వస్తోంది.

షుగర్ ఉంది, చాలా ఏళ్లుగా. మెంతులు లేవు. తిండి మాత్రం పూర్తిగా మార్చేశారు. స్నేహితులెవరో చెప్పారని అన్నం, ఇడ్లీ, దోశ, పండ్లు అన్నీ మానేశారు. గుడ్లు, పనీర్, కొబ్బరినూనె, మాంసం సూపు, వెన్న కలిపిన కాఫీ, అంతే. బరువు ఏడు కిలోలు తగ్గారు. షుగర్ ఎప్పుడూ రెండొందలు పైనే ఉండేది, ఇప్పుడు పరగడుపున 118. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మిషను తీసి చూపిస్తున్నారు.

కీటోకింగ్_నెల్లూరు
అదీ సంగతి. అది కీటో బ్రెత్ అండీ, ఏమీ కాదు. పిండిపదార్థం మానేస్తే ఒళ్లు కొవ్వుని కాల్చుకుంటుంది, దాంట్లోంచి అసిటోన్ ఊపిరిలో బయటికి పోతుంది. నెయిల్ పాలిష్ మందులో ఉండేదీ అదే. నాకూ మొదట్లో వచ్చింది, కొన్ని వారాల్లో తగ్గింది. అంటే డైట్ పనిచేస్తోందని గుర్తు. మావయ్యగారికి నా కంగ్రాట్స్ చెప్పండి. ఏలకులు నమలమనండి.

వరంగల్_వాసు
మీ ఆయనకి రాకపోవడం కూడా వింత కాదు. అసిటోన్ వాసన కొంతమంది ముక్కుకి అసలు తెలియదు. మా ల్యాబ్‌లో ఒకడు సీసా మూత తీసి పెట్టినా పట్టించుకునేవాడు కాదు.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
కీటోకింగ్ గారూ, వాసన ఎక్కడి నుంచి వస్తోందో మీరు సరిగ్గానే చెప్పారు. కానీ మీకు షుగర్ జబ్బు లేదనుకుంటా. ఆయనకి ఏళ్లుగా ఉంది. కంగ్రాట్స్ కాస్త ఆపండి.

కోడలు గారూ, ఆయన వేసుకునే మాత్రల అట్టలు తీసుకుని వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి చెప్పండి. బ్రాండు పేరు వద్దు. కడుపులో తిప్పడం, వాంతి, కడుపునొప్పి, నీరసం, ఆయాసం, వీటిలో ఏమైనా ఉన్నాయా?

కాకినాడ_కోడలు
ఒకటి మెట్‌ఫార్మిన్. రెండోదాని మీద డాపాగ్లిఫ్లోజిన్ అని ఉంది, అది ఈమధ్యే రాశారు. బీపీ మాత్ర ఇంకోటి.

రెండు మూడు రోజులుగా తేన్పులు, కడుపులో వికారం అంటున్నారు. గ్యాస్ అని సోడా తాగుతున్నారు. నిన్న సాయంత్రం సూపు కూడా తాగలేదు. దాహం ఎక్కువైంది, రాత్రి చెంబు నీళ్లు మంచం పక్కనే.

మందులషాపు_మూర్తి
మెట్‌ఫార్మిన్ మాత్రకే చేపల వాసన ఉంటుందండీ, డబ్బా తెరిస్తే కొందరు కస్టమర్లు పాడైపోయిందని తిరిగి తెచ్చిస్తారు. కానీ మీరు చెప్పే వాసన అది కాదు.

రెండో మందు 2020లో పేటెంటు అయిపోయాక మన దగ్గర బోలెడు కంపెనీలు చేస్తున్నాయి, రేటు బాగా పడింది. అప్పట్నుంచి చీటీల్లో బాగా కనిపిస్తోంది. గుండెకీ, కిడ్నీకీ కూడా మంచి మందే. మా షాపులో మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు ఉంటాయి, ముంచి పదిహేను సెకన్లకి రంగు చూడాలి, వంకాయరంగుకి తిరిగితే కీటోన్లు ఎక్కువున్నట్టు. అవి తెప్పించుకుని చూడండి ముందు.

రిటైర్డ్_మాస్టారు
నాకు పాతికేళ్లుగా షుగర్. మా డాక్టరుగారు చెప్పింది ఏంటంటే, షుగర్ 250 దాటితేనే కీటోన్ల ప్రమాదం. 118 ఉన్నాయనకి ఈ హడావిడి ఎందుకు? అనవసరంగా పిల్లని భయపెడుతున్నారు. అజీర్తి అయ్యుంటుంది, జీలకర్ర నీళ్లు పట్టండి.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
మాస్టారూ, మీ డాక్టరుగారు చెప్పింది ఈ మందు రాకముందు రోజుల్లో చాలావరకు పనికొచ్చే మాట. ఈ మందు విషయంలో ఆ మాట నమ్ముకుంటేనే దెబ్బ తింటాం. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదవండి.

ఈ మాత్ర చేసే పని, రక్తంలో ఉన్న చక్కెరని మూత్రంలోకి పారబోయడం. అందుకే మిషను మీద అంకె బాగుంటుంది. కానీ ఆ చక్కెర ఒంటికి ఉపయోగపడలేదు, బయటికి పోయింది. దానికి తోడు ఈయన అన్నం, టిఫిన్ మానేశారు కాబట్టి కొత్తగా చక్కెర రావడం లేదు. చక్కెర తక్కువైతే ఇన్సులిన్ కూడా తగ్గుతుంది, ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో అది ముందే తక్కువ. ఇన్సులిన్ అడ్డు లేకపోతే కొవ్వు తెగ కరిగి కీటోన్లు గుట్టలుగా తయారవుతాయి. అవి ఆమ్లాలు. మామూలు మనిషి అన్నం మానేస్తే కొద్దిగా తయారై ఆగిపోతాయి, కీటోకింగ్ గారికి అయింది అదే. ఇక్కడ ఆపే చెయ్యి లేదు. రక్తం పులిసిపోతుంది, మిషను మాత్రం 118, 150, 180 అని చూపిస్తూనే ఉంటుంది. అంకె బాగుందని ఇంట్లో వాళ్లు, ఒక్కోసారి ఆసుపత్రిలోనూ దాన్ని గ్యాస్ అనుకుంటారు. 2015లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

మూర్తి గారూ, స్ట్రిప్పు మంచిదే కానీ అది చూసేది ఒక రకం కీటోనునే, ఈ స్థితిలో రక్తంలో ఎక్కువగా ఉండే రకాన్ని అది చూడదు. రంగు మారితే నమ్మండి, మారకపోతే మాత్రం హమ్మయ్య అనుకోవద్దు. వేలికి పొడిచి రక్తంలో చూసే పరీక్ష ఉంది. 0.6 లోపు మామూలు, 3 దాటితే ఎమర్జెన్సీ.

కోడలు గారూ, వికారం మొదలైంది, తిండి పోయింది, దాహం పెరిగింది, ఊపిరిలో ఆ వాసన. స్ట్రిప్పులు తెప్పించుకుంటూ కూర్చోవద్దు. ఇవాళే, ఇప్పుడే, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాపాగ్లిఫ్లోజిన్ మళ్లీ వేసుకోనివ్వకండి. అట్ట మాత్రం చేతిలో పట్టుకెళ్లండి. అక్కడ అడగాల్సింది ఒకే ముక్క: "ఈ మాత్ర వాడుతున్నారు, కీటోన్లు, బ్లడ్ గ్యాస్ చూడండి." షుగర్ ఎంతుందని అడిగి ఊరుకుంటే వినకండి.

కీటోకింగ్_నెల్లూరు
అంటే డైట్ తప్పా మందు తప్పా? సూటిగా చెప్పండి. ఇలాంటి పోస్టులు చూసే జనం బెదిరిపోతారు.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
రెండూ విడివిడిగా చాలామందికి పడతాయి. రెండూ కలిపితేనే తంటా. అన్నం మానేస్తున్నానని మందు రాసిన డాక్టరుకి చెప్పి ఉంటే ముందే ఆ మాత్ర మార్చేవారు. ఉపవాసాలకీ, ఆపరేషన్లకీ ఇదే లెక్క, పెద్ద ఆపరేషనుకి కనీసం మూడు రోజుల ముందు ఈ మందు ఆపిస్తారు.

చిన్నారి_అమ్మ
టాపిక్ మళ్లిస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా పాపకి ఆరున్నరేళ్లు. ఆడుకుని వస్తే చంకల్లో పెద్దవాళ్ల చెమట వాసన. ఉల్లిపాయ ఎక్కువ తింటోందని మా అత్తగారు మాన్పించారు, తేడా లేదు. ఇదీ ఆహారమేనా?

డల్లాస్_దీప
ఉల్లి, వెల్లుల్లి తింటే ఒకటి రెండు రోజులు వాసన వస్తుంది, అది వేరు. ఆరేళ్ల పాపకి పెద్దవాళ్ల చెమట వాసన మా పాప క్లాస్‌మేట్‌కి వచ్చింది. పిల్లల డాక్టరు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూశారు, హార్మోన్ల పరీక్ష రాశారు. ఆ పాపకి పెద్దగా ఏమీ లేదు, ఆరునెలలకోసారి ఎత్తు కొలుస్తున్నారు. ఆడపిల్లలకి ఎనిమిదేళ్లలోపు, మగపిల్లలకి తొమ్మిదేళ్లలోపు ఇలా వస్తే ఒకసారి చూపించాలన్నారట. చంకల్లో వెంట్రుకలు, మొటిమలు, ఉన్నట్టుండి పొడవు పెరగడం ఉన్నాయేమో చూడండి, ఉంటే తొందరపడండి.

మెంతిపులుసు
పాపకి ఉల్లిపాయ తిరిగి పెట్టండి పాపం.

కాకినాడ_కోడలు
అందరికీ. మావయ్యగారు ఐసీయూలో ఉన్నారు, మాట్లాడుతున్నారు, ప్రాణగండం తప్పిందన్నారు.

జరిగింది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను మా ఆయనకి ఈ పోస్టులు చూపించాను. మొదట విసుక్కున్నారు. అంతలో మావయ్యగారికి రెండు వాంతులయ్యాయి, ఆయాసపడుతున్నారు. ఆయాసం అంటే ఎగశ్వాస కాదు, మెట్లెక్కినవాడిలా లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తున్నారు, మంచం మీద పడుకునే. ఆటో కాకుండా అంబులెన్స్ పిలిచాం. మొదట వెళ్లినచోట ఈసీజీ తీశారు, గుండె బాగుందన్నారు, షుగర్ 172, గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపించేస్తామన్నారు. నేను అట్ట తీసి ఐసీయూ గారు చెప్పిన మాట చెప్పాను. అక్కడున్న కుర్ర డాక్టరు అట్ట చూసి ఒక్క క్షణం ఆగాడు, చేతి దగ్గర నరంలో రక్తం తీయించాడు. పీహెచ్ 7.21 అన్నారు, 7.35 ఉండాలట. బైకార్బొనేట్ 11. కీటోన్లు 5.1. అప్పట్నుంచి వాళ్ల నడకే మారిపోయింది.

ఇప్పుడు ఒక డౌటు. సెలైన్‌తో పాటు ఇన్సులిన్ ఎక్కిస్తున్నారు, ఇంకోవైపు గ్లూకోజ్ కూడా ఎక్కిస్తున్నారు. మా ఆడపడుచు "షుగర్ పేషంటుకి గ్లూకోజ్ ఏంటి, చంపేస్తారా" అని వార్డులో గొడవ. నాకూ అర్థం కాలేదు.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
మంచి కబురు చెప్పారు. ఆ కుర్ర డాక్టరు చేతికి దణ్ణం.

ఆడపడుచుగారికి ఇలా చెప్పండి. ఇన్సులిన్ ఇస్తున్నది షుగర్ తగ్గించడానికి కాదు, కీటోన్ల తయారీ ఆపడానికి. ఆయన షుగర్ ముందే తక్కువ, ఒట్టి ఇన్సులిన్ ఇస్తే పడిపోతారు. అందుకే గ్లూకోజ్ పెట్టి, దాని అండతో ఇన్సులిన్ ఇస్తారు. మధ్యమధ్యలో పొటాషియం కోసం రక్తం తీస్తుంటారు, దానికీ గొడవ పడొద్దు, ఇన్సులిన్‌తో అది పడిపోతే గుండెకి ముప్పు. ఇంకో మాట, ఈ మందు ఆపిన తర్వాత కూడా దాని ప్రభావంతో కొన్ని రోజులు మూత్రంలో చక్కెర పోతూనే ఉండొచ్చు, కాబట్టి త్వరగా డిశ్చార్జి చేయమని ఒత్తిడి తేకండి.

రిటైర్డ్_మాస్టారు
ఆయన కోలుకుంటున్నారు, సంతోషం. ఈ మందు నా చీటీలో లేదు, చూసుకున్నాను. ఇలా అని అందరూ ఆ మాత్ర మానేస్తే అదో ప్రమాదం కదా, అది కూడా రాయండి.

ఐసీయూ_రాత్రిడ్యూటీ
మాస్టారు సరైన మాట అన్నారు. మామూలుగా తింటూ, బాగున్నవాళ్లు సొంతంగా ఆపొద్దు. వాంతులు, జ్వరం, తిండి లేని రోజుల్లో మాత్రం ఆపి డాక్టరుకి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఇన్సులిన్ మాత్రం తిండి లేదని మానకూడదు, డోసు అడగాలి.

సుజాత_48
నాదీ చెప్పనా? నలభై ఎనిమిది, నెలసరి తప్పుతూ వస్తోంది. చెమట వాసన మారిపోయింది, ఘాటుగా, నాకే వింతగా. రాత్రుళ్లు ఒళ్లంతా తడిసిపోతుంది. ఇందులో కూడా ఇలాంటి భయాలున్నాయా?

పద్మావతి_గైనిక్‌క్యూ
నాకూ అంతే సుజాత గారూ. మా డాక్టరు ఈ వయసు ఆవిర్లకి ఇది మామూలే అన్నారు కానీ థైరాయిడ్ చూశారు. బరువు తగ్గుతున్నారా, సాయంత్రం జ్వరం వస్తోందా, దగ్గు ఉందా అని అడిగారు, ఎందుకంటే రాత్రి చెమటలు టీబీలో కూడా ఉంటాయి. అవేమీ లేకపోతే నూలు బట్టలు, చల్లటి గది అన్నారు. నాకైతే వాసన పూర్తిగా పోలేదు.

సుజాత_48
బరువు తగ్గడమా, అదొక్కటే జరగట్లేదు.

మచిలీపట్నం_మల్లి
మా నాన్నకి నోట్లోంచి అమ్మోనియా లాంటి వాసన వచ్చేది, పళ్ల డాక్టరు దగ్గరికి తిప్పాం. తిన్నదల్లా ఇనుము రుచి అనేవారు. ఆఖరికి క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు. పళ్లు, చిగుళ్లు చూపించడం తప్పు కాదు, నోటి వాసనకి ఎక్కువసార్లు అవే కారణం, కానీ కాళ్ల వాపు ఉన్నప్పుడు మేం రక్తపరీక్ష కూడా చేయించాల్సింది.

వరంగల్_వాసు
స్కాట్లాండులో జాయ్ మిల్న్ అని ఒకావిడ ఉంది, భర్త ఒంటి వాసన మారిందని పార్కిన్సన్స్ జబ్బు బయటపడటానికి పన్నెండేళ్ల ముందే పసిగట్టింది. శాస్త్రవేత్తలు ఆమెకి టీషర్టులు ఇచ్చి పరీక్షించారు కూడా. కోడలు గారిది కూడా అలాంటి ముక్కే.

అనామకుడు_హైద్
నాకు ఇంకో సమస్య. నా దగ్గర కంపు వస్తోందని నాకు ఖచ్చితంగా తెలుసు, ఆఫీసులో ఎవరైనా ముక్కు తుడుచుకున్నా నా వల్లే. ఇంట్లో వాళ్లు, ఫ్రెండ్స్, ముగ్గురు డాక్టర్లు ఏమీ లేదంటున్నారు. చేప తింటే వాసన వచ్చే జన్యు జబ్బు ఉందని చదివా. అదే అయ్యుంటుందా?

ఐసీయూ_రాత్రిడ్యూటీ
ఆ జబ్బు ఉంది, మూత్రంలో ట్రైమిథైలమీన్ పరీక్షతో తేలుతుంది, అరుదు. అయితే దాంట్లో పక్కవాళ్లకి కూడా చేపల వాసన తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా మీకొక్కరికే తెలుస్తూ, దానివల్ల ఆఫీసు మానేసేదాకా వస్తే సైకియాట్రిస్టుకి కూడా చూపించండి. మీరు అబద్ధం చెప్తున్నారని కాదు, ఆ బాధకి కూడా వైద్యం ఉంది.

అనామకుడు_హైద్
పిచ్చి అంటున్నారా?

డల్లాస్_దీప
కాదండీ. పరీక్ష చేయించుకోండి, దాంతో పాటు అది కూడా. రెండిట్లో ఒకటే చేయాలని ఎవరన్నారు.

కాకినాడ_కోడలు
వార్డుకి మార్చారు. కీటోన్లు 0.4 అట. ఊపిరిలో వాసన తగ్గింది, కానీ పూర్తిగా పోయిందా అని నేను దగ్గరికెళ్లి చూడటం బాగోదు కదా, మా ఆడపడుచుని చూడమన్నా, ఆవిడకీ ఏమీ తెలియదట. వాళ్ల వంశంలో ముక్కులే అంత. మావయ్యగారు మాత్రం ఇడ్లీ పెట్టారని అలిగారు, షుగర్ పెరుగుతుందని. ఈ మాత్ర బదులు ఏమి రాస్తారో రేపు పెద్ద డాక్టరు చెప్తారట. అన్నం ఎంత తినాలో కూడా ఆయన్నే అడగాలి, నేను చెప్తే వినరు.